కుక్కకు తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు

మా క్వార్టర్ల వరుసలో ఇప్పటికీ ఒక మాట చెప్పుకుంటారు. పక్కింటి అవ్వ కుక్కకు ప్రాణం మీదికి వస్తే నేను బతికించానని. అది నిజం కాదు. ఆ కుక్కకు ఏ రోగమూ లేదు. దాన్ని చావు దగ్గరికి తీసుకుపోయింది నేనే. బతికించింది గోదావరిఖనిలో ఒక పశువుల డాక్టరమ్మ. ఆ సంగతి దాచి నేను ఆడిన అబద్ధం వల్ల అవ్వ నాలుగు నెలలు తన రెండో కంటికి ఆపరేషన్ చేయించుకోలేదు. అవ్వకు చెప్పేశాను. వరుసలో మిగతా వాళ్ళకు ఒక్కొక్కరికీ చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను.

నేను భూగర్భ గనిలో పనిచేస్తాను. పని కాక నాకున్న ఇంకో గుర్తింపు ప్రథమ చికిత్స. కంపెనీ వాళ్ళు ఏటా పెట్టే పోటీల్లో మా గని జట్టులో ఉండేవాణ్ణి. కట్టు కట్టడం, స్ట్రెచర్ మీదికి ఎత్తడం, నాడి చూడడం, అన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఉక్కపోతకు సొమ్మసిల్లిన మనిషిని గాలి తగిలే చోటికి తెచ్చి, బట్టలు వదులు చేసి, తడి గుడ్డ వేసి, విసరాలి. జ్వరం చూసి, టైము వేసి, కాగితం మీద రాయాలి. మనిషికి తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు ఉంటే బాగున్నట్టు. ఇదంతా ఇరవై ఏళ్ళుగా నా వేళ్ళకు అలవాటైపోయింది. వరుసలో ఎవరికి చెయ్యి తెగినా, పిల్లలకు ఒళ్ళు కాలినా మా ఇంటికే వచ్చేవాళ్ళు. నన్ను వేళాకోళంగా డాక్టర్ సాబ్ అనేవాళ్ళు. నేను దాన్ని వేళాకోళంగా తీసుకోలేదు.

పక్కింటి అవ్వ భర్త మా గనిలోనే పనిచేస్తూ చనిపోయాడు. ఆయన బదులు కొడుక్కి ఉద్యోగం వచ్చింది గానీ అతను వేరే ఏరియాలో ఉంటాడు. బిడ్డ పెళ్ళయి కరీంనగర్‌లో. అవ్వకు తోడు ఒక కుక్క. ఎర్రగా, పొట్టిగా, బక్కగా ఉంటుంది. పదేళ్ళు దాటిన ఊరకుక్క. అవ్వ తింటుంటే పక్కన కూర్చుని, ఆమె పెట్టిన ముద్దే తింటుంది. ఇంకొకరు పెడితే మొహం తిప్పుకుంటుంది.

పోయిన సంక్రాంతి దాటిన వారానికి అవ్వకు కరీంనగర్‌లో కంటి శుక్లానికి, అదే మోతిబిందుకు, ఆపరేషన్ అని బిడ్డ వచ్చింది. ముందు కుడి కన్ను, రెండు నెలల తర్వాత ఎడమ కన్ను. అవ్వ సంచి సర్దుకుని మా గడప దగ్గరికి వచ్చింది.

"నాలుగొద్దులే బిడ్డా. దీన్ని జర సూస్కో. నువ్వున్నవనే ధీమతోని పోతున్న," అంది.

"నీకెందుకవ్వా ఫికర్? నేనున్న కదా," అన్నాను.

మొదటి రోజు కుక్క తినలేదు. రెండో రోజు కూడా తినలేదు. నీళ్ళు తాగింది. అవ్వ గుమ్మం ముందు పడుకుని వీధి వైపు చూస్తూ ఉంది. మూడో రోజు నేను మొదటి షిఫ్టు దిగి మూడు గంటలకు ఇంటికి వచ్చేసరికి అలాగే ఉంది. చెయ్యి పెట్టి చూశాను. ముక్కు ఎండిపోయి ఉంది. చెవులు వెచ్చగా తగిలాయి.

"దీనికి జరమొచ్చింది," అన్నాను.

మా ఆవిడ చాట పక్కన పెట్టి వచ్చింది. "జరం గాదు, అవ్వ మీద బెంగ. ఒక్కపారి దవాఖానకు ఫోన్ చెయ్యరాదు?"

"నేనుండంగ దవాఖాన ఎందుకు?"

మా ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో నుంచి డిజిటల్ థర్మామీటర్ తీశాను. చిన్నప్పుడు మా ఊళ్ళో బర్రెకు తోక ఎత్తి జ్వరం చూడడం గుర్తుంది. అట్లాగే చెయ్యబోయాను. పొడి థర్మామీటర్ గుచ్చేసరికి కుక్క కెవ్వుమని తిరిగి నా మణికట్టు పట్టబోయింది. మా ఆవిడ దాని మెడ పట్టుకుని, "మనిషికైనా గట్ల పెడ్తరా? నూనె రాయి," అని తిట్టింది. కొబ్బరినూనె రాసి మళ్ళీ పెట్టాను. బీప్ మంది.

నూట ఒకటి పాయింట్ ఎనిమిది.

నా లెక్కలో అది మూడు డిగ్రీలకు పైన జ్వరం. పేపరు మీద టైము, అంకె రాశాను. డబ్బాలో నుంచి పారాసెటమాల్ తీసి సగం విరవబోతే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "నోరు లేని దానికి మనిషి గోలీ ఎట్లేస్తవు? ఎవరినన్న అడగకుంట వేస్తే నేను ఊకోను." మాత్ర పక్కన పెట్టాను. ఆ రోజు మా ఇంట్లో తెలివిగా జరిగిన పని అదొక్కటే.

మాత్ర వద్దంది కాబట్టి తడిపి దించుదామనుకున్నాను. గోనె సంచి ఫ్రిజ్ నీళ్ళలో ముంచి, పిండి, కుక్కకు చుట్టాను. వరండాలో టేబుల్ ఫ్యాన్ పెట్టాను. జనవరి నెల, ఆకాశం మబ్బు పట్టి ఉంది, నేనే స్వెటర్ వేసుకుని ఉన్నాను. అయినా నాకు ఏమీ తోచలేదు. పని చేస్తున్నది నా చేతులు, వాటికి అలవాటైంది ఉక్కపోతకు పడిపోయిన మనిషి.

నాలుగు గంటలకు నూరు పాయింట్ నాలుగు. రాశాను. సంచి మళ్ళీ ముంచాను. కుక్క వణికింది. జ్వరం వణుకు అనుకున్నాను. పావు తక్కువ ఐదుకు తొంభై తొమ్మిది పాయింట్ రెండు. వణుకు ఆగింది. నెమ్మదిస్తోంది అనుకున్నాను. ఐదుంబావుకు తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు.

"దిగింది!" అని అరిచాను. ఎదురింటి వాళ్ళు గోడ మీది నుంచి చూసి, "దిగిందా డాక్టర్ సాబ్?" అన్నారు. "నార్మల్," అన్నాను, కాగితం ఊపుతూ.

మా ఆవిడ మాత్రం కుక్క ముందు కూర్చుని ఉంది. దాని తల పైకి ఎత్తి వదిలింది. తల అట్లాగే నేల మీద పడిపోయింది. "నార్మలంటవు, మరి ఇది లేస్తలేదేంది? కండ్లు జూడు. నాకు భయమైతుంది. నువ్వస్తవా, నేనే ఆటోల తీస్కపోవాల్నా?"

ఆ మాటకు కదిలాను. గోదావరిఖని బస్టాండు దారిలో సాయంత్రం తెరిచే ఒక చిన్న పశువుల క్లినిక్ ఉంది. మేం వెళ్ళేసరికి లోపల బల్ల మీద ఒక పిల్లి ఉంది. పిల్లి గలావిడ దాని భుజాలను తువ్వాలుతో చుట్టి, తల తన చేతి వంపులో పెట్టుకుని నిలబడింది. డాక్టరమ్మ థర్మామీటర్ కొసకు వాసలిన్ రాసి, తోక పక్కకు తప్పించి, తొందర లేకుండా కొద్దిగా లోపలికి పెట్టింది. పిల్లి ఒకసారి గుర్రుమంది. బీప్ మంది.

"నూట రెండు. బాగానే ఉందమ్మా, జ్వరమేం లేదు," అంది డాక్టరమ్మ.

నేను విన్నది తప్పేమో అనుకున్నాను. నూట రెండుకు జ్వరం లేదంటుందేమిటి?

డాక్టరమ్మ తల తిప్పి నా చేతుల్లోని కుక్కను చూసింది. మొహం మారింది. "ఇటు పెట్టండి ముందు. ఎందుకింత తడిగా ఉంది?"

నేను కాగితం చూపించాను. ఇప్పటికీ తలుచుకుంటే మెడ వంగిపోతుంది. గర్వంగానే చూపించాను. "జరమొచ్చిందమ్మా. మెల్లగ దించినం. అన్ని టైము వేసి రాసిన."

ఆమె కాగితం మీద మొదటి అంకె నుంచి చివరి అంకె దాకా వేలు పెట్టుకుంటూ చదివింది. "ఈ నూట ఒకటి పాయింట్ ఎనిమిది దేనికి జ్వరమనుకున్నారు?"

"మనిషికి..."

"కుక్కకు నూట ఒకటి నుంచి నూట రెండున్నర దాకా ఉండాల్సిన వేడే. మీరు రాసిన మొదటి అంకెలో దీనికి ఏమీ లేదు. ఈ చివరి అంకె ఉంది చూశారూ, ఇది ప్రమాదం." మాట్లాడుతూనే థర్మామీటర్ పెట్టింది. తొంభై ఏడు పాయింట్ ఆరు.

ఆమె కాగితాన్ని నా చేతిలోకి తోసి పనిలో పడింది. పొడి తువ్వాలుతో ఒళ్ళంతా తుడిచింది. దుప్పట్లు చుట్టింది. గోరువెచ్చటి నీళ్ళు సీసాల్లో పోసి, చర్మానికి నేరుగా తగలకుండా గుడ్డలు చుట్టి పక్కల్లో పెట్టింది. సెలైన్ సీసాను గోరువెచ్చటి నీళ్ళల్లో పెట్టి వెచ్చజేసి ఎక్కించింది. మా ఆవిడ దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. గనిలో పైకప్పు కూలి ఒక మనిషి ఇరుక్కుంటే వాణ్ణి తీసేదాకా చేతులు ఆపని వాణ్ణి. ఆ గంటన్నర నా చేతుల్ని జేబుల్లో దాచుకున్నాను. అవ్వకు ఏమని చెప్పాలి అన్నదొక్కటే తల్లో తిరుగుతోంది.

మొదట వణుకు మళ్ళీ మొదలైంది. "వణకనివ్వండి, మంచిదే. తనే వేడి పుట్టించుకుంటోంది," అంది డాక్టరమ్మ. తొంభై తొమ్మిది దాటింది. నూరు పాయింట్ ఐదు దగ్గర కుక్క తల ఎత్తింది. మా ఆవిడ చెయ్యి నాకింది. నేను బయటికి వెళ్ళి రోడ్డు మీద నిలబడి మొహం తుడుచుకున్నాను.

వచ్చేటప్పుడు డాక్టరమ్మ కోపం తగ్గించుకుని చెప్పింది. పిల్లికీ కుక్కకూ ఇంచుమించు ఒకటేనని, పిల్లికి నూరున్నర నుంచి నూట రెండున్నర దాకా ఉండొచ్చని. నూట మూడు దాటితే జ్వరం కింద చూడాలి. నూట నాలుగైతే ఆగకుండా రావాలి. తొంభై తొమ్మిది కంటే దిగినా అంతే. ముక్కు ఎండిందనో చెవి వెచ్చగా ఉందనో జ్వరం అనుకోకూడదు. ఎండలో నుంచి, పరుగు నుంచి వచ్చిన వెంటనే చూడకూడదు. కొంతసేపు స్థిమితపడనివ్వాలి.

"ఎట్ల పెట్టాలమ్మా?" అని మా ఆవిడే అడిగింది. నేను అడగలేకపోయాను.

"ఇద్దరుండాలి. ఒకరు తల, ఛాతీ పట్టుకుని మాట్లాడుతూ ఉండాలి. కొస వంగే డిజిటల్‌ది కొనండి, గాజుది వద్దు, పగులుతుంది. వాసలిన్ రాసి, తోక మెల్లగా ఎత్తి, అంగుళం కంటే ఎక్కువ వద్దు, చిన్నదానికి ఇంకా తక్కువ. బీప్ మనే దాకా చేతిలోనే పట్టుకుని ఉండాలి, వదలొద్దు. గింజుకున్నా, కరవబోయినా బలవంతం చెయ్యొద్దు, ఆపేసి తీసుకురండి. తర్వాత సబ్బు నీళ్ళతో కడిగి స్పిరిట్‌తో తుడవండి. అది దానికే ఉంచండి, పిల్లల నోట్లో పెట్టేదాంతో కలపొద్దు." నా వైపు తిరిగి అంది, "మాత్ర వెయ్యలేదు కదా?"

"ఈమె వెయ్యనియ్యలే," అన్నాను.

"మంచి పని చేశారమ్మా. మనుషుల జ్వరం మాత్ర కుక్కలకు కూడా మంచిది కాదు. పిల్లికైతే ఒక్కటి చాలు ప్రాణం పోవడానికి."

ఇంతవరకు జరిగింది తెలివితక్కువతనం. తప్పు మొదలైంది తర్వాత.

రెండు రోజులకు అవ్వ కంటికి నల్లద్దాలతో వచ్చింది. కుక్క ఆమె కాళ్ళ చుట్టూ తిరిగి, ఆమె చేతి ముద్ద తినేసింది. అప్పటికే ఎదురింటి వాళ్ళు చెప్పేశారు, డాక్టర్ సాబ్ జ్వరం దించాడని. అవ్వ మా గుమ్మంలోకి వచ్చి నా రెండు చేతులు పట్టుకుంది.

"ఎంత జరమొచ్చె బిడ్డా?"

ఆ క్షణంలో నిజం చెప్పొచ్చు. నోట్లో నుంచి వచ్చింది వేరు. "నూట నాలుగు దాక పోయిందవ్వా. నువ్వు దానికి కూర మసాల ముక్కలు పెడ్తవు గద, గదే పడలే."

మా ఆవిడ వంటింట్లో నుంచి నన్ను చూసిన చూపు చెప్పలేను. అవ్వ వెళ్ళాక, "నువ్వే చెప్తవనుకున్న. నీ నోటితోని నువ్వే చెప్పు, నేను చెప్ప," అంది. అంతే. మళ్ళీ ఎత్తలేదు.

అవ్వ ఆ రోజు నుంచి కుక్కకు ఉప్పు లేని పెరుగన్నం పెట్టింది. మార్చి వచ్చింది, రెండో కన్ను ఆపరేషన్‌కు పోలేదు. ఏప్రిల్‌లో పోలేదు. ఎండలు ముదిరాయి, కంటికి చెమట పడితే మంచిది కాదంది. వానలు పడ్డాయి, అప్పుడూ పోలేదు. బియ్యంలో రాళ్ళు ఏరడం వేళ్ళతోనే. ఒకరోజు మెట్టు ఎడమవైపు కనపడక పడి మోచెయ్యి గీరుకుంది. ఆ కట్టు నేనే కట్టాను. అవ్వ నన్ను దీవించింది. ఆ దీవెన విన్నప్పుడు నాకు కట్టు ముడి సరిగా పడలేదు.

జూలైలో ఆమె బిడ్డ నాకు ఫోన్ చేసింది. "అన్నా, మా అమ్మకు జర నువ్వన్న చెప్పు. ఇంకా లేటైతే మోతిబిందు గట్టి పడ్తది, కష్టమైతదని డాక్టరు అంటున్నడు. నా కూరతోని కుక్క పానం ఖరాబైంది, నేను పోతే మల్ల జరమొస్తది, పోయినపారి నూట నాలుగొచ్చింది, ఈసారి సస్తది అంటది. కుక్క కోసం కన్ను పోగొట్టుకుంటదా?"

ఫోన్ పెట్టేశాను. ఆ నూట నాలుగు నేను పుట్టించింది.

మరునాడు ప్లే డే, డ్యూటీ లేదు. పొద్దున్నే అవ్వ వరండాలో బియ్యం చాట ముందు కూర్చుని ఉంది. కుక్క ఆమె కాలికి వీపు ఆనించి పడుకుంది. నేను మెట్టు మీద కూర్చున్నాను.

"అవ్వా, నీకొక ముచ్చట చెప్పాలె. నువ్వు తిట్టినా పడ్త."

"ఏంది, నా పించను కాయితం పోగొట్టినవా?"

"గది గాదు. పోయినపారి కుక్కకు జరం రాలే."

అవ్వ వేళ్ళు బియ్యంలో ఆగాయి. నేను అంతా చెప్పాను. కుక్కలకు నూట ఒకటి, నూట రెండు మామూలేనని. నేను మనిషి లెక్క వేసి తడి గోనె కప్పానని. ఫ్యాన్ పెట్టానని. లేవకుండా పడిపోయాక మా ఆవిడ పట్టుబట్టి తీసుకుపోతే క్లినిక్‌లో బతికించారని. మసాలా ముక్కల సంగతి నేను కల్పించిందని.

అవ్వ తల ఎత్తింది. ఒక కంటితో నన్నే చూసింది.

"సలికాలంల," అంది. "ఫ్రిజ్జు నీళ్ళల్ల."

"అవునవ్వా."

"ఫ్యాను పెట్టి."

"అవును."

"నీకు పెండ్లాం లేకపోతే నా కుక్క సచ్చేది."

"సచ్చేది."

"గదే సంచి నిన్ను సుట్టి గోదారొడ్డున పండవెట్టాలె." కుక్కను చూసింది. "ఇగ ఇది సెప్పు. మరెందుకు తినలే మూడొద్దులు?"

"నువ్వు లేవని."

అవ్వ తల దించుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. చెయ్యి చాచి కుక్క మెడ కింద గోకింది. "నేను పెట్టిన కూరతోని గాదన్నట్టు."

"గాదవ్వా."

"ఆర్నెల్ల సంది దీనికి సప్పటి అన్నం పెట్టి సంపిన గదరా! నా మొకం సూసి గా పెరుగన్నమే తిన్నది ముండది. నేనే దీన్ని రోగం జేసిననని కడుపుల ఎంత మంట ఉండెనో నీకెర్కనా?" మొహం తేలికైంది. చాట పక్కకు తోసింది. "నాలుగు మాటలకు ఆర్నెల్లు తీస్కున్నవు. మంచి డాక్టరువే దొర్కినవు."

నేను చాటను గోడ వారకు జరిపాను.

"నా బిడ్డకు ఫోన్ కలుపు," అంది.

వెళ్ళే ముందురోజు అవ్వ ఒక షరతు పెట్టింది. తన కళ్ళ ముందు జ్వరం చూసి చూపించాలని. డాక్టరమ్మ చెప్పినట్టే కొస వంగే థర్మామీటర్ కొన్నాం, దాని డబ్బా మీద మా ఆవిడ కుక్కది అని రాసి పెట్టింది. కుక్క నీడలో కాసేపు పడుకున్నాక, అవ్వ తల పట్టుకుని, "ఊకో కొడుకా, ఊకో, గీ మామ జర మంచిగైండు," అంటూ ఉంది. నేను వాసలిన్ రాసి, తోక ఎత్తి, మెల్లగా పెట్టి పట్టుకున్నాను. కుక్క ఒకసారి వెనక్కి చూసింది, అంతే. నూట ఒకటి పాయింట్ ఆరు.

"గది మంచిదేనా?"

"మంచిదే అవ్వా. రోజూ చూసే పని లేదు. దీని తీరు తేడా కొడితేనే చూడాలె."

"తేడా కొడితే ఏం జేస్తవు?"

"చూసి, ఫోన్ చేసి అడుగుత. నేనేం చెయ్య."

"గట్లనే ఉండు," అంది.

అవ్వ వెళ్ళిన రోజు, మరునాడు కుక్క మళ్ళీ తినలేదు. మళ్ళీ గుమ్మం ముందు పడుకుంది. ముక్కు మళ్ళీ ఎండింది. నా చేతులకు పని కావాలనిపించింది, కాదనను. మా ఆవిడ తల పట్టుకుంటే చూశాను. నూట ఒకటి పాయింట్ రెండు. డాక్టరమ్మకు ఫోన్ చేశాను. నీళ్ళు తాగుతుందా అంది. తాగుతుందన్నాను. చిగుళ్ళు ఏ రంగులో ఉన్నాయంది. పైపెదవి ఎత్తి చూసి గులాబీ రంగన్నాను. వాంతులు, విరేచనాలు లేవు కదా అంది. లేవన్నాను. "బెంగ పెట్టుకుంది. ముసలిది కాబట్టి రేపు కూడా తినకపోతే తీసుకురండి. ఉడికించిన గుడ్డు, అన్నం కలిపి పెట్టి చూడండి. ఇంకేమీ చెయ్యకండి," అంది. ఆ చివరి మాట రెండుసార్లు అంది.

మూడో రోజు పొద్దున మా ఆవిడ అవ్వ పాత చీర కొంగు గిన్నె పక్కన పరిచి గుడ్డన్నం పెట్టింది. కుక్క కొంగు వాసన చూసింది. గిన్నె వాసన చూసింది. నేను డ్యూటీకి టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు దగ్గర ఆగిపోయాను. అది నెమ్మదిగా, మాకేదో మేలు చేస్తున్నట్టు, సగం తిన్నది.

ఆ రోజు షిఫ్టు దిగి వచ్చేసరికి అవ్వ ఫోన్. కన్ను బాగుందట, పట్టీ విప్పారట, గోడ మీది క్యాలెండర్‌లో అంకెలు కనపడుతున్నాయట.

"నా కొడుకెట్లున్నడు?"

"తిన్నడు. జరం లేదు, నిన్న సూసిన. నూట ఒకటి పాయింట్ రెండు."

"అబద్ధం గాదుగా?"

"నా పెండ్లాం పక్కనే ఉన్నది, అడుగు." ఫోన్ మా ఆవిడకు ఇచ్చాను.

"నిజమే అవ్వా, తల నేనే పట్టుకున్న," అంది మా ఆవిడ. తర్వాత ఇద్దరూ కంటి చుక్కల గురించి, ఎన్ని రోజులు తలస్నానం చెయ్యకూడదో ఆ సంగతుల్లో పడ్డారు. నాకు ఎన్నో నెలల తర్వాత ఒళ్ళు తేలికైంది. కుక్క వచ్చి ఫోన్‌లో అవ్వ గొంతు వినపడుతున్న వైపు చెవులు నిక్కించి కూర్చుంది. నేను దాని పక్కన నేల మీద కూర్చుని బూట్లు విప్పుకున్నాను.